ఆవిష్కర్తల బాల్యం, కుటుంబంపై క్విజ్ ప్రశ్నలు ఎలా తయారు చేయాలి?

"రైట్ సోదరుల తండ్రి పేరేమిటి?" అని అడిగితే హాలంతా నిశ్శబ్దం. మిల్టన్ అని తెలిసినవాళ్లు చెబుతారు, తెలియనివాళ్లకు ఆలోచించడానికి ఏమీ ఉండదు. కుటుంబం మీద ప్రశ్న రాసేటప్పుడు పేరు అడగకండి. ఇంట్లో జరిగింది చెప్పి, ఆ ఇంటి బిడ్డ ఎవరో కనుక్కోమనండి.

మొదట ఆ మనిషి కనిపెట్టిన వస్తువుకు, ఆ ఇంటికి మధ్య ఉన్న లింకు పట్టుకోండి. రైట్ సోదరుల విషయంలో అది ఒక బొమ్మ. తండ్రి మత పెద్ద. 1878లో ఒక సాయంత్రం చేతుల్లో ఏదో దాచుకుని ఇంటికి వచ్చి, పిల్లలు సరిగ్గా చూసేలోపే గాల్లోకి వదిలాడు. అది కింద పడకుండా ఎగిరి పైకప్పును తాకింది. కార్క్, వెదురు, కాగితంతో చేసిన ఆ బొమ్మను మెలిపెట్టిన రబ్బరు బ్యాండు తిప్పేది. పిల్లలు దానికి 'గబ్బిలం' అని పేరు పెట్టారు. తర్వాత వాళ్లే ఇంకా పెద్దవి చేశారు, కానీ సైజు పెరిగేకొద్దీ అవి సరిగ్గా ఎగరలేదు. నాకు ఈ ఉదంతంలో బాగా నచ్చేది ఈ చివరి ముక్కే.

ఇప్పుడు దీన్ని ప్రశ్నగా మార్చాలి. కష్టమైన క్లూ ముందు, తేలికది చివర రావాలి.

ప్రశ్న 1: ఈ పిల్లలు 'గబ్బిలం' అని పిలుచుకున్న బొమ్మను తండ్రి తెచ్చాడు. రబ్బరు బ్యాండుతో తిరిగే ఆ బొమ్మ గదిలో పైకప్పు దాకా వెళ్లింది. పెద్దయ్యాక వాళ్లే అంతకంటే చాలా పెద్దదాన్ని ఎగరేశారు. ఎవరా పిల్లలు?
జవాబు: విల్బర్, ఆర్విల్ రైట్. 'రైట్ బ్రదర్స్' అన్నా మార్కు ఇస్తామని జవాబుల కాగితంలో ముందే రాసుకోండి.

ఇందులో 1878 అని కావాలనే రాయలేదు. ఆ ఏడాది టై బ్రేకర్‌కు పనికొస్తుంది.

ఇదే పద్ధతిలో మరికొన్ని:

ప్రశ్న 2: గుర్రపు జీన్లు కుట్టే తండ్రి పనిచేసే చోట, 3 ఏళ్ల వయసులో ఆరె గుచ్చుకుని ఇతని కన్ను దెబ్బతింది. తర్వాత రెండో కన్నూ పోయింది. 15 ఏళ్లకల్లా అలాంటి మొనతోనే కాగితంపై చుక్కలు పొడిచి రాసే పద్ధతి తయారు చేశాడు. ఎవరు?
జవాబు: లూయీ బ్రెయిలీ.

ప్రశ్న 3: తాత, తండ్రి ఉచ్చారణ నేర్పే గురువులు. తల్లికి వినికిడి బాగా తక్కువ, పెళ్లాడిన అమ్మాయికి అసలు వినపడదు. 1876లో ఇతను దేనికి పేటెంట్ పొందాడు?
జవాబు: టెలిఫోన్ (అలెగ్జాండర్ గ్రాహం బెల్). 'ఎవరు కనిపెట్టారు' అని అడిగితే ఇతరుల పేర్లూ వస్తాయి, గొడవ మొదలవుతుంది. అందుకే పేటెంట్ అని అడగాలి.

ప్రశ్న 4: టెలిగ్రాఫ్ ఆపరేటర్‌గా పనిచేసిన ఈయన మొదటి ఇద్దరు పిల్లల ముద్దుపేర్లు డాట్, డాష్. ఎవరు?
జవాబు: థామస్ ఎడిసన్.

ఎడిసన్ దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. బడి నుంచి వచ్చిన ఉత్తరంలో కొడుకు మందబుద్ధి అని ఉంటే, తల్లి 'నువ్వు మేధావివట' అని మార్చి చదివిందనే కథ ఫోన్లలో తెగ తిరుగుతుంది. ఎడిసన్ స్వయంగా చెప్పుకున్నది వేరు. టీచర్ తనకు బుర్ర సరిగా లేదని అనడం తానే విన్నాడు, ఇంటికొచ్చి తల్లికి చెప్పాడు, ఆమె బడికి వెళ్లి టీచర్‌ను నిలదీసింది. తర్వాత తనే ఇంట్లో చదువు చెప్పింది. ఆ ఉత్తరం కథలో ఊరు, ఏడాది ఉండవు, సంభాషణ మాత్రం పొల్లుపోకుండా ఉంటుంది. ఇలా కనిపించిన ఏ కథనైనా ఆ మనిషి ఆత్మకథతోనో మంచి జీవిత చరిత్రతోనో పోల్చి చూడకుండా ప్రశ్నల్లో పెట్టకండి. అయితే పక్కన పడేయక్కర్లేదు, నిజమా కాదా అని అడగొచ్చు:

ప్రశ్న 5: ఎడిసన్ తల్లి బడి ఉత్తరాన్ని మార్చి చదివింది. నిజమా, కాదా?
జవాబు: కాదు. జరిగింది రెండు వాక్యాల్లో చదివి వినిపించండి, లేకపోతే ఆ కథ నమ్మినవాళ్లు ఒప్పుకోరు.

స్కోరు సమానమైతే అంకె అడగండి. అందరూ కాగితం మీద రాసివ్వాలి, దగ్గరగా రాసినవాళ్లది గెలుపు.

టై బ్రేకర్: రైట్ సోదరుల ఇంటికి ఆ 'గబ్బిలం' వచ్చిన ఏడాదికీ, వాళ్ల విమానం మొదటిసారి ఎగిరిన ఏడాదికీ మధ్య ఎన్నేళ్లు?
జవాబు: 25 (1878 నుంచి 1903).