స్టాండప్ టైమ్ మార్చారు, ఎవరూ కాదనలేదు, అయినా సగం మందే వస్తున్నారా?

టీమ్ పెరిగింది, రోజూ అందరూ పని ఎక్కడిదాకా వచ్చిందో చెప్పుకునే చిన్న మీటింగ్, అంటే స్టాండప్, టైమ్ మార్చాలి. గ్రూపులో మెసేజ్ పెట్టారు, చివర్లో 'ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి' అని కూడా రాశారు. ఎవరూ ఏమీ అనలేదు. రెండు వారాలు తిరిగేసరికి మీటింగ్ కుంటుతోంది. ఈ కథ నేను చాలా టీముల్లో చూశాను, రెండుసార్లు నేనే నడిపాను కూడా. లక్షణాల నుంచి మొదలుపెడదాం.

లక్షణం: కొందరు పాత టైమ్‌కే వస్తున్నారు, కొందరు అసలు రావట్లేదు

ముందు క్యాలెండర్ తెరవండి. ఈ మాట చెప్పీ చెప్పీ విసుగొచ్చింది, కానీ ఇది చూడకుండానే 'టీమ్‌లో క్రమశిక్షణ లేదు' అనేవాళ్లే ఎక్కువ. పాత ఆహ్వానం ఒకరు పెట్టి ఉంటారు, కొత్తది ఇంకొకరు పెడతారు, రెండూ బతికే ఉంటాయి. లేదా కొత్తవాళ్లను చాట్ గ్రూపులో చేర్చి, మీటింగ్ ఆహ్వానంలో చేర్చడం మర్చిపోతారు. పాతదాన్నే మార్చండి, కొత్తది సృష్టించకండి. గూగుల్ క్యాలెండర్‌లో అయితే మార్పు ఏ రోజు నుంచో ఆ రోజు మీటింగ్ తెరిచి టైమ్ మార్చి, సేవ్ చేసేటప్పుడు `This and following events` ఎంచుకుంటే చాలు. ఆ తర్వాత ఆహ్వానంలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. టీమ్‌లో పదకొండు మంది ఉంటే అక్కడా పదకొండు పేర్లు కనిపించాలి.

లక్షణం: అందరూ వస్తున్నారు, కానీ మీటింగ్ అరగంట సాగుతోంది

దీనికి టైమ్‌తో సంబంధం లేదు. ఆరుగురు తలా రెండు నిమిషాలు మాట్లాడితే 12 నిమిషాలు, పదకొండు మంది మాట్లాడితే 22. స్క్రమ్ పద్ధతిలో స్టాండప్‌కు పేరు డైలీ స్క్రమ్, దానికి స్క్రమ్ గైడ్ ఇచ్చేది 15 నిమిషాలే. మనుషుల వారీగా తిరగడం మానేసి బోర్డు మీద కదలని పనుల గురించి మాత్రమే మాట్లాడండి, లేదా టీమ్‌ను రెండుగా విడగొట్టండి. ఇది సర్దకుండా టైమ్ మారిస్తే అదే అరగంట ఇంకో చోట కూర్చుంటుంది, అంతే.

లక్షణం: క్యాలెండర్ సరిగ్గానే ఉంది, అభ్యంతరాలు సున్నా, అయినా జనం సగం మనసుతో వస్తున్నారు

నన్ను దెబ్బతీసింది ఇదే. ఒక టీమ్ ఆరుగురి నుంచి పదకొండుకు పెరిగింది. కొత్తగా వచ్చిన ఐదుగురికీ పని 10:30కి మొదలవుతుంది, మా స్టాండప్ ఏమో 9:30కి. 11:00కి మారుస్తూ ఇలా రాశాను: 'కొత్తగా చేరిన మిత్రుల సౌకర్యం కోసం స్టాండప్‌ను 11:00కి మారుస్తున్నాం. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి.' తొమ్మిది బొటనవేళ్లు వచ్చాయి. అందరికీ సమ్మతమే అనుకున్నాను.

కాదు. కొత్తవాళ్లలో ఒకామెకు మంగళ, గురువారాల్లో సరిగ్గా 11:00కే కస్టమర్ కాల్ ఉంది. ఒక చెవిలో కాల్, ఇంకో చెవిలో స్టాండప్ పెట్టుకుని రెండు వారాలు లాగింది. పాతవాళ్లలో టెస్టింగ్ చూసే అతను పదింటికి మొదలుపెట్టే గంటన్నర టెస్ట్ రన్‌ను రోజూ మధ్యలో వదిలి వచ్చేవాడు. ముందే ఎందుకు చెప్పలేదని విడివిడిగా అడిగాను. ఆమె అంది: "మా కోసమే మార్చారు కదండీ, మళ్లీ మేమే కుదరదంటే ఏం బాగుంటుంది?" అతనన్నాడు: "కొత్తవాళ్ల కోసం అన్నారు కదా సార్, నేను కాదంటే వాళ్లంటే గిట్టదనుకుంటారు."

నేను రాసిన కారణమే ఇద్దరి నోళ్లూ మూయించింది. టైమ్ మార్పుకు కారణంగా మనుషుల్ని చూపిస్తే, ఆ టైమ్‌ను కాదనడం ఆ మనుషుల్ని కాదన్నట్టు అవుతుంది. మేలు పొందినవాళ్లకు మొహమాటం, మిగతావాళ్లకు చెడ్డపేరు భయం. బొటనవేలి గుర్తుకు అర్థం 'ఒప్పుకున్నాను' కాదు, 'చూశాను'.

ఇదే మీ సమస్య అని తెలుసుకోవడం తేలికే. అభ్యంతరాలు సున్నా, గుర్తులు బోలెడు, పైగా ఒక్కరు కూడా కనీసం ప్రశ్న అడగలేదు. పదకొండు మంది దినచర్య ఒక్క మెసేజ్‌తో మారుతుంటే ఒక్క సందేహమైనా రాకపోవడం మామూలు సంగతి కాదు.

పరిష్కారం మెసేజ్‌ను తిరగరాయడంలో ఉంది. కారణం పని గురించి ఉండాలి, మనుషుల గురించి కాదు. ఏది కదలదో, ఏది కదులుతుందో విడగొట్టి చెప్పాలి. 'అభ్యంతరం ఉందా?' అని అడిగితే ఎదుటివాడు తగువుకు దిగాల్సి వస్తుంది. అదే 'ఈ టైమ్‌లో మీకు ఏ పని అడ్డొస్తుంది?' అంటే సమాచారం ఇస్తే సరిపోతుంది. జవాబు విడిగా ఇచ్చే దారి, గడువు, నిర్ణయం ఎప్పుడు ఎవరు చెబుతారో కూడా ఉండాలి. రెండోసారి నేను పంపింది ఇది:

> స్టాండప్ టైమ్ గురించి. మనం పదకొండు మంది అయ్యాం, అందరూ పనిలో ఉండే సమయం 10:30 తర్వాతే మొదలవుతుంది. అందుకే 9:30కి తిరిగి వెళ్లలేం, అది మాత్రం ఖాయం. 10:30 నుంచి 12:00 లోపు ఏ టైమ్ అన్నది ఇంకా తేలలేదు. 11:00కి కొన్ని పనులు అడ్డొస్తున్నాయని తెలిసింది కాబట్టి 10:40 అనుకుంటున్నాను. ఆ టైమ్‌లో మీకు ఏ పని అడ్డొస్తుందో, వారంలో ఏ రోజులో బుధవారం సాయంత్రంలోపు నాకు విడిగా రాయండి. ఏమీ అడ్డు రాకపోతే 'ఏమీ లేదు' అని రాయండి. వచ్చిన ఇబ్బందులు పేర్లు లేకుండా గురువారం ఇక్కడే పెట్టి, ఏ టైమో నేను చెబుతాను. సోమవారం నుంచి రెండు వారాలు నడిపి మళ్లీ ఇదే ప్రశ్న అడుగుతాను.

'ఏమీ లేదు' అని రాయమనడం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ అసలు పని చేసింది అదే. మౌనానికి అర్థం వెతుక్కునే పని తప్పింది. మంగళవారానికే ఎనిమిది జవాబులు వచ్చాయి, మిగతా ఇద్దరినీ నేనే అడిగాను. 10:40కి మొదలుపెట్టి 10:55కి ముగిస్తే 11:00 కాల్‌కు ఐదు నిమిషాలు మిగిలింది. టెస్ట్ రన్‌ను అతనే 11:00కి మార్చుకున్నాడు. ఒకరి ఇబ్బంది మాత్రం తీరలేదు, సోమవారాల్లో ఆయనకు ఆ టైమ్ కుదరదు. ఆ రోజు ముందుగా నాలుగు ముక్కలు రాసి పెట్టమన్నాం. తీర్చలేనిదాన్ని తీర్చలేమని, ఎందుకో చెప్పి రాయండి. జవాబు లేకుండా వదిలేస్తే వచ్చేసారి ఎవరూ నోరు తెరవరు.

టైమ్ ముందే ఖాయమైపోయి ఉంటే మాత్రం అభ్యంతరాలు అడగకండి. 'ఇది ఖాయం, కారణం ఇది' అని రాయండి. అడిగి పక్కన పెట్టడం కన్నా అడగకపోవడమే నయం.

అరుదుగా

మార్చిలోనో అక్టోబర్, నవంబర్‌లలోనో మీటింగ్ టైమ్ ఉన్నట్టుండి గంట ముందుకో వెనక్కో జరిగితే, ఆహ్వానం ఏటా రెండుసార్లు గడియారాలు గంట మార్చే దేశపు టైమ్ జోన్‌లో పెట్టారని అర్థం. మీటింగ్ సెట్టింగ్‌లో జోన్ చూడండి. గది దొరకడం లేదా, ఇంకో టీమ్ అదే టైమ్‌కు బుక్ చేసిందేమో చూడండి. ఒకే ఒక్కరు రోజూ ఆలస్యమైతే ఆయనతో విడిగా మాట్లాడండి, దానికోసం పదకొండు మంది టైమ్ మార్చకండి.