రివ్యూయర్ తన పేపర్లే సైట్ చేయమంటే

మొన్న జర్నల్‌కు పంపిన మా పేపర్‌కు వచ్చిన ఒక రివ్యూలో మా పని గురించి రెండు లైన్లు రాసి, కింద "వీటిని కూడా ప్రస్తావించండి" అంటూ 9 పేపర్లు ఇచ్చారు. తీరా చూస్తే తొమ్మిదింటిలోనూ ఒకే రచయిత పేరు! టెన్షన్‌లో అన్నీ ఇరికించేయబోయి ఆగాను.

ఒక్కో పేపర్ తెరిచి, ఇది మా పేపర్లో ఏ వాక్యానికి ఆధారం అవుతుందో రాసుకుంటూ పోయాను. రెండింటికే వాక్యం దొరికింది. ఒకటైతే నిజంగా మేం చూడాల్సిందే, మేం వాడిన కొలత పద్ధతి పరిమితులు అందులో ఉన్నాయి. ఆ రెండూ చేర్చి, జవాబు లేఖలో ఇలా రాశాం: "సూచించిన 9 పేపర్లూ చదివాం. 2, 5 నంబర్లవి చేర్చాం. మిగతావి వేరే సమస్య మీద ఉన్నందువల్ల చేర్చలేదు." ఈ లేఖ రివ్యూయర్ చూస్తారు కాబట్టి అందులో అనుమానాలు వద్దు.

ఎడిటర్‌కు మాత్రం విడిగా నోట్ పంపాలి. సబ్మిషన్ పేజీలో ఎడిటర్‌కు మాత్రమే కనిపించే బాక్స్ ఉంటే అందులో, లేకపోతే మెయిల్‌లో. తొమ్మిదింటికీ ఉమ్మడి రచయిత ఎవరో, ఎన్ని చేర్చామో, ఎందుకో చెబితే చాలు. "రివ్యూయర్ ఆయనే" అని తేల్చేయొద్దు, శిష్యులో సహచరులో కూడా అయ్యుండొచ్చు. కేవలం సైటేషన్లు పెంచుకోవడానికి తమ పేపర్లు సూచించకూడదని పబ్లికేషన్ ఎథిక్స్ కమిటీ 'కోప్' రివ్యూయర్ల మార్గదర్శకాల్లోనే ఉంది. ఆ మాట ఒక లైన్లో గుర్తుచేయొచ్చు.

అడిగింది ఎడిటరే అయితే మాత్రం ఈ నోట్ పనిచేయదు. అప్పుడు ప్రధాన సంపాదకుడికో, పబ్లిషర్ ఎథిక్స్ విభాగానికో రాయాలి.