ఆర్కైవ్ లింకు తెరుచుకుంటుంది, ఆధారం మాత్రం కనిపించదు: సమస్య - పరిష్కారం

వ్యాసాల ఫుట్‌నోట్లు సరిచూసే పనిలో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది పూర్తిగా పోయిన లింకు కాదు. అది పోయిందని చూడగానే తెలుస్తుంది, వెతుక్కోవచ్చు. పక్కన ఆర్కైవ్ లింకు కూడా ఉండి, అది చక్కగా తెరుచుకుని, పైన తేదీ కూడా చూపించి, తీరా చదివితే వ్యాసకర్త ఉదహరించిన వాక్యం అందులో లేకపోవడమే అసలు చిక్కు. నకలు తీసిన రోజున ఎవరూ దాన్ని తెరిచి చూడలేదు. మూలపేజీ పోయాక చూస్తే, భద్రపరిచింది ఖాళీ చట్రాన్ని అని తేలుతుంది.

ఈ సమస్యలను కనిపెట్టాలంటే ముందు, ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ వెబ్ పేజీల నకళ్లను దాచిపెట్టే వేబ్యాక్ మెషిన్ లింకును చదవడం రావాలి.

```
https://web.archive.org/web/20190117223044/https://example.org/reports/water-2018
```

మధ్యలో ఉన్న 14 అంకెలు నకలు తీసిన సమయం: సంవత్సరం, నెల, తేదీ, గంట, నిమిషం, సెకను. ఇది యూటీసీ కాలమానం. పై లింకులో 2019 జనవరి 17, రాత్రి 10:30 దాటింది. గడియారం యూటీసీ కంటే రెండు గంటలు ముందున్న చోట అప్పటికే 18వ తేదీ. అందుకే వ్యాసకర్త రాసుకున్న తేదీకీ లింకులోని తేదీకీ ఒక రోజు తేడా కనిపిస్తే వెంటనే తప్పు పట్టకండి.

ఇంకో సంగతి. ఈ అంకెలకు సరిగ్గా సరిపోయే నకలు లేకపోతే వేబ్యాక్ మెషిన్ తనంతట తానే దగ్గరి తేదీ నకలుకు తీసుకుపోతుంది. అంటే ఫుట్‌నోట్‌లో రాసిన సమయం ఒకటి, మీకు కనిపిస్తున్న పేజీ సమయం మరొకటి కావచ్చు. పేజీ తెరుచుకున్న తర్వాత చిరునామా పట్టీలోని అంకెలను మళ్లీ చూడండి.

సమస్య: నకలు తెరుచుకుంటుంది, కానీ అందులో "పేజీ దొరకలేదు" అనో, సంస్థ ముఖపుట అనో కనిపిస్తోంది

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. మూలపేజీ పోయిన తర్వాత తీసిన నకలు అది. మరి పోయిన పేజీని ఆర్కైవ్ మంచి నకలుగా ఎందుకు తీసుకుంది? పేజీ లేనప్పుడు సర్వరు 404 అనే సంకేతం పంపాలి. చాలా సైట్లు అలా చేయవు. 200 అంటే "అంతా బాగుంది" అని చెబుతూనే, లోపల "మీరు వెతికిన పేజీ లేదు" అన్న సందేశం చూపిస్తాయి. చదివే మనిషికి అది లేని పేజీ. ఆర్కైవ్ యంత్రానికి మాత్రం ఉన్న పేజీయే. వ్యాసకర్తలు సాధారణంగా అన్నిటికంటే కొత్త నకలునే ఎంచుకుంటారు కాబట్టి, సరిగ్గా ఇలాంటి దాని మీదే చేయి పడుతుంది.

పరిష్కారానికి క్యాలెండర్‌లో ఒక్కో తేదీనీ నొక్కుతూ కూర్చోనక్కరలేదు. ఒక చిరునామాకు ఉన్న నకళ్లన్నిటినీ వరుసగా చూపే సూచిక ఉంది. దాన్ని సీడీఎక్స్ అంటారు. బ్రౌజర్‌లో ఇలా కొడితే చాలు:

```
https://web.archive.org/cdx/search/cdx?url=example.org/reports/water-2018&fl=timestamp,statuscode,digest,length
```

నమూనాగా ఒక ఫలితం తీసుకుందాం. చిరునామా, అంకెలు కల్పించినవే. మూడో గడిలోని గుర్తును ఇక్కడ కుదించాను. పోకడ మాత్రం నిజంగా ఎదురయ్యేదే.

```
20180604051210 200 QH3VX 21480
20190117223044 200 QH3VX 21502
20200908140133 301 3I42H   614
20210302091517 200 M5TZB  3127
20230511184209 404 ZP6WD  2980
```

కింది నుంచి పైకి చదువుదాం. 2023లో 404, పేజీ లేదు. 2021లో 200 ఉంది, మోసం చేసేది ఇదే. చివరి గడి ఆర్కైవ్‌లో ఆ నకలు, దానితోపాటు దాచిన సర్వరు వివరాలతో కలిపి, కుదించిన రూపంలో ఎంత స్థలం తీసుకుందో బైట్లలో చెబుతుంది. 2019లో 21 వేలు దాటిన పేజీ 2021లో మూడు వేలకు పడిపోయింది, అదీ 404 పేజీ పరిమాణానికి దగ్గరగా. తెరిచి చూస్తే "దొరకలేదు" సందేశమే ఉంటుంది. 2020లోని 301 అంటే చిరునామా మార్చామని సర్వరు పంపిన సమాచారం. దాన్ని కొట్టిపారేయకండి. తెరిస్తే కొత్త చిరునామా తెలుస్తుంది, ఆ నివేదిక అక్కడ ఇంకా బతికి ఉండవచ్చు.

ఇప్పుడు పై రెండు వరుసలు చూడండి. రెండింటికీ మూడో గడిలో ఒకే గుర్తు ఉంది. సర్వరు పంపిన విషయం నుంచి లెక్కగట్టిన ముద్ర అది. ముద్ర ఒకటే అయితే ఆ రెండు సార్లూ వచ్చింది అక్షరం తేడా లేకుండా ఒకే పేజీ. వ్యాసకర్త తాను 2018 అక్టోబరులో ఈ పేజీ చదివానని రాశారనుకుందాం. ఆ నెలలో నకలు లేదు. కానీ అంతకు ముందు జూన్‌లోనూ తర్వాత జనవరిలోనూ పేజీ ఒకటే. మధ్యలో మార్చి మళ్లీ యథాతథంగా పెట్టి ఉంటే తప్ప, ఆయన చదివింది ఇదే. నాకు ఇది ఎంతో ఇష్టమైన ఆధారం, ఎందుకంటే నకలు లేని రోజుకు కూడా ఇది సాక్ష్యం చెబుతుంది. ఫుట్‌నోట్‌లో 2019 జనవరి నకలు పెట్టి, చదివిన తేదీగా అక్టోబరునే ఉంచాలి. రెండు తేదీలనూ ఒకటి చేయకూడదు.

దీనికి ఒక పరిమితి ఉంది. ముద్రలు ఒకటే అయితే పేజీ ఒకటే అని చెప్పవచ్చు. ముద్రలు వేరైతే పాఠం మారిందని మాత్రం చెప్పలేం. ప్రకటన మారినా, పేజీ అడుగున నేటి తేదీ ముద్రించినా ముద్ర మారిపోతుంది. అప్పుడు వేబ్యాక్ మెషిన్‌లో `Changes` అనే చోట రెండు నకళ్లను పక్కపక్కన పెట్టి, మీ వాక్యం ఉన్న భాగాన్ని పోల్చుకోవాలి.

సమస్య: శీర్షిక, పట్టీలు కనిపిస్తున్నాయి, మధ్యలో అంతా తెలుపే

ఈ పేజీలో పాఠం మొదటి నుంచీ లేదు. ముందు చట్రం వస్తుంది, ఆ తర్వాత జావాస్క్రిప్ట్ వేరే చోట నుంచి పాఠాన్ని తెచ్చి నింపుతుంది. ఆర్కైవ్ చట్రాన్ని పట్టుకుంది, ఆ రెండో రాకను పట్టుకోలేదు. పేజీ బతికి ఉన్నప్పుడే ఈ ప్రమాదాన్ని కనిపెట్టవచ్చు. పేజీ సోర్సు తెరిచి, మీరు ఉదహరించబోయే వాక్యంలోని మూడు నాలుగు పదాలు వెతకండి. తెర మీద ఉండి సోర్సులో లేకపోతే, మామూలుగా తీసే నకలు ఖాళీగా వచ్చే అవకాశం ఎక్కువ. చిరునామాలో `#` తర్వాత పేజీ పేరు ఉన్నప్పుడు మరింత జాగ్రత్త కావాలి. ఆ గుర్తు తర్వాతి భాగం సర్వరుకు అసలు చేరదు కాబట్టి, వేర్వేరు పేజీలన్నీ దానికి ఒకటే చిరునామాగా కనిపిస్తాయి.

పరిష్కారం, మీ బ్రౌజర్ చూసినదాన్ని బ్రౌజర్ నుంచే రికార్డు చేయడం. వెబ్‌రికార్డర్ వారి ArchiveWeb.page అనే పొడిగింపు ఈ పని చేస్తుంది. రికార్డింగ్ మొదలుపెట్టి పేజీని మళ్లీ తెరవండి, అడుగు వరకు నెమ్మదిగా జరపండి, మడిచి ఉన్న భాగాలను విప్పండి, పట్టికలో మీకు కావలసిన సంవత్సరాన్ని ఎంచుకోండి. మీరు నొక్కనిది రికార్డులోకి రాదు. ఆపిన తర్వాత `.wacz` ఫైలుగా దించుకుని, ReplayWeb.page సైట్‌లో తెరిచి, ఉదహరించిన వాక్యం దగ్గరికి వెళ్లి చూడాలి. ఇంతవరకూ చేస్తేనే నకలు ఉన్నట్టు లెక్క.

తెర మీద కనిపించిన పాఠం ఒక్కటే చాలనుకుంటే SingleFile పొడిగింపు తేలిక. పేజీ మొత్తాన్ని ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా ఇస్తుంది. ఇంటర్నెట్ ఆపేసి ఆ ఫైలును తెరవండి. పాఠమూ బొమ్మలూ అప్పుడూ ఉంటే అది నిలబడుతుంది.

లాగిన్ అయితేనే కనిపించే పేజీలకు కూడా ఈ రెండే దారి. అయితే అలా రికార్డు చేసిన ఫైలులో మీ ఖాతా వివరాలు కలిసి ఉండవచ్చు. దాన్ని ఇతరులకు ఇవ్వకండి, బయట పెట్టకండి.

సమస్య: పేజీ సరైనదే, కానీ అందులోని పటమో అంకెలో వ్యాసంలో చెప్పినవాటితో కలవడం లేదు

దీన్ని గుర్తించేవారు తక్కువ. మనం ఒక తేదీ నకలు తెరిచామనుకుంటాం గానీ, ఆ పేజీలోని బొమ్మలు, స్క్రిప్టులు, పట్టికలు ఒక్కొక్కటీ విడిగా భద్రమైనవి. ఆ రోజుది దొరకనిదాన్ని వేబ్యాక్ మెషిన్ మరో రోజు నకలుతో పూరిస్తుంది. 2018 పాఠం పక్కన 2021లో మార్చిన పటం కూర్చుని ఉండవచ్చు, రెండూ ఒకనాటివే అన్నట్టు కనిపిస్తాయి. పైపట్టీలో `About this capture` నొక్కితే పేజీలోని ఒక్కో భాగం ప్రధాన పేజీకి ఎంత ముందుదో, ఎంత తర్వాతదో జాబితాగా కనిపిస్తుంది. మీ ఆధారం పటమే అయితే ఆ పటం చిరునామాను విడిగా సీడీఎక్స్‌లో వెతికి, సరైన తేదీ నకలుకు నేరుగా లింకు ఇవ్వండి. పీడీఎఫ్ విషయంలోనూ అంతే. దాన్ని చూపించే పేజీని కాకుండా `.pdf` ఫైలు చిరునామానే భద్రపరచాలి.

సమస్య: నిన్నటి వరకు ఉన్న నకలు ఈరోజు కనిపించడం లేదు

`This URL has been excluded from the Wayback Machine` అన్న సందేశం వస్తే, ఆ చిరునామాను చూపకుండా ఆపేశారని అర్థం. సైటు యజమాని కోరినా ఇలా జరగవచ్చు. మన వైపు నుంచి చేయగలిగింది లేదు. ఆర్కైవ్ సైటే తెరుచుకోకపోతే అది వేరే సంగతి, వేచి చూడాలి. 2024 అక్టోబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్‌పై దాడి జరిగినప్పుడు వేబ్యాక్ మెషిన్ కొన్నాళ్లు ఆగిపోయింది. తిరిగి వచ్చాక కూడా కొంతకాలం పాత నకళ్లు చూడటం కుదిరింది గానీ కొత్తవి తీయడం కుదరలేదు. ఈ రెండు పరిస్థితులకూ మందు ముందే వేసుకోవాలి. ముఖ్యమైన ఆధారానికి రెండో నకలు వేరే చోట ఉండాలి. హార్వర్డ్ లా స్కూల్ గ్రంథాలయం నడిపే Perma.cc సరిగ్గా ఉల్లేఖనల కోసమే పెట్టింది. అది లేకపోతే మీ దగ్గరి ఫైలు, దానితోపాటు దాని ముద్ర:

```
sha256sum water-2018.pdf
```

విండోస్‌లో అయితే `certutil -hashfile water-2018.pdf SHA256`. వచ్చిన అక్షరాల వరుసను ఆ రోజే నోట్సులో రాసుకోండి. రేపు ఎవరైనా ఫైలు అడిగితే, ఆనాటి నుంచి అది మారలేదని చూపించడానికి పనికొస్తుంది. ఆ పీడీఎఫ్ నిజంగా ఆ సంస్థే ప్రచురించిందని మాత్రం ఈ ముద్ర రుజువు చేయదు. దానికి బయటి ఆర్కైవ్ సాక్ష్యమే కావాలి, అందుకే రెండూ ఉంచుకోమంటున్నాను.

ఫుట్‌నోట్‌లో మూలపేజీ చిరునామా, చదివిన తేదీ, నకలు పూర్తి లింకు మూడూ ఉండాలి. నకలు ఉంది కదా అని మూల చిరునామాను తీసేసేవారూ, పొడవుగా ఉందని కుదించిన లింకు పెట్టేవారూ ఉన్నారు. కుదించే సేవ మూతపడితే ఆ పొట్టి లింకు నుంచి ఏమీ తెలియదు. పూర్తి లింకులో మూల చిరునామా, నకలు సమయం రెండూ కనిపిస్తూనే ఉంటాయి. ఒక ఆర్కైవ్ పనిచేయకపోయినా, పాఠకుడు ఆ రెండింటినీ పట్టుకుని మరో ఆర్కైవ్‌లో వెతుక్కోగలడు.