బడి తెరిచేలోగా పిల్లలకి ఫ్లూ టీకా, ఇంట్లో మామ్మా తాతయ్యల కోసం

వానాకాలం జ్వరాలంటే మనకి ముందు గుర్తొచ్చేవి డెంగీ, మలేరియా. ఫ్లూని మాత్రం "వైరల్ ఫీవరే కదా" అని వదిలేస్తాం. దేశంలో ఎక్కువ ప్రాంతాల్లో ఫ్లూ ఏడాదికి రెండుసార్లు పెరుగుతుంది. జనవరి నుంచి మార్చి వరకు ఒకసారి, వానలతో పాటు జూలై నుంచి సెప్టెంబరు వరకు మరోసారి. విశాఖలో బడులు సాధారణంగా జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. వానలకి కిటికీలు మూసుకున్న క్లాసురూములు, పిల్లలు ఒకరి ఒళ్లో ఒకరు కూర్చునే స్కూలు ఆటోలు ఉంటే ఫ్లూకి అంతకంటే ఏం కావాలి?

బడిలో అంటుకున్నది ఇంటికొస్తుంది. ఫ్లూ సోకిన పెద్దవాళ్లలో వైరస్ సాధారణంగా అయిదు నుంచి ఏడు రోజులు బయటికొస్తుంది, పిల్లల్లో పది రోజులకి పైగా కూడా రావచ్చు. జ్వరం మొదలవడానికి ఒకరోజు ముందే ఇది మొదలవుతుంది. అంటే పిల్లాడు రాత్రి మామ్మ పక్కలో పడుకుని, మర్నాడు పొద్దున ఒళ్లు కాలి లేచేసరికి అంటించడం అయిపోయి ఉంటుంది. మాస్కులు, చేతులు కడగడం లాంటివి అప్పుడు మొదలుపెడితే ఆలస్యమే.

"అయితే మామ్మకే టీకా వేయిస్తే పోలేదా?" అని అడుగుతారు. వేయించాలి, తప్పదు. కానీ వయసు మీద పడ్డాక టీకాకి శరీరం స్పందించే తీరు తగ్గుతుంది, షుగరు, గుండెజబ్బు ఉన్నవాళ్లకి ఫ్లూ వస్తే న్యుమోనియా దాకా పోయే ప్రమాదం పెరుగుతుంది. అందుకే ఆమె దాకా వైరస్ రాకుండా చూసుకోవడం రెండో రక్షణ. ఆ రక్షణ పిల్లల దగ్గరే మొదలవుతుంది.

ఇదెలా పనిచేస్తుందో ఒక క్లాసు లెక్కతో చూద్దాం. క్లాసులో 40 మంది పిల్లలు. ఫ్లూ వచ్చిన ఒక్కడు సగటున 1.6 మందికి అంటిస్తాడనుకుందాం. టీకా ఆ ఏడాది సగం మందికి పనిచేసిందనుకుందాం, ఫ్లూ టీకాకి ఇది మామూలే. పది మంది వేయించుకుంటే నిజంగా రక్షణ దొరికేది అయిదుగురికి, మిగిలిన 35 మందికి అంటుకోవచ్చు. ఒక్కడి నుంచి 1.4 మందికి పాకుతుంది, అంటే జబ్బు పెరుగుతూనే ఉంటుంది. అదే 30 మంది వేయించుకుంటే 15 మందికి రక్షణ, 25 మంది మిగులుతారు. 1.6ని 40లో 25 వంతుతో గుణిస్తే సరిగ్గా 1. ఒక్కడి నుంచి ఒక్కడికే. ఆ అంచు దాటి ఇంకొందరు వేయించుకుంటే జబ్బు తనంతట తనే చల్లబడుతుంది. అసలు క్లాసు ఈ లెక్కంత సాఫీగా నడవదు గానీ, ఒకరిద్దరు తల్లిదండ్రులు చేస్తే సరిపోదనీ, ముప్పావు వంతు క్లాసు కదలాలనీ దీన్నిబట్టి అర్థమవుతుంది. మీ పిల్లాడొక్కడికే వేయిస్తే మీ ఇంటికి కొంత మేలు జరుగుతుంది, వీధికి జరగదు. కాబట్టి పేరెంట్స్ మీటింగులో ఈ మాట ఏప్రిల్‌లోనే ఎత్తండి.

దీనికి ఋజువు కెనడాలో దొరికింది. హట్టరైట్లని అక్కడ ఉమ్మడిగా బతికే సమాజాలున్నాయి, అందరూ కలిసి తింటారు. 2008–09లో కొన్ని ఊళ్లలో పిల్లలకి ఫ్లూ టీకా, మిగతా ఊళ్లలో వేరే టీకా ఇచ్చారు. ఫ్లూ టీకా ఊళ్లలో ఎనభై శాతానికి పైగా పిల్లలకి అందింది. అక్కడ టీకా వేసుకోని మిగతా జనంలో ఫ్లూ సుమారు 60 శాతం తగ్గింది. ఆ అంకె కచ్చితం కాదు, అటూ ఇటూ చాలా ఊగుతుంది, కానీ దిశ స్పష్టం. జపాన్ కూడా 1962 నుంచి బడిపిల్లలకి విరివిగా వేసింది. 1987లో తల్లిదండ్రులు వద్దనే వీలు ఇచ్చి, 1994లో ఆ కార్యక్రమాన్ని మానేసింది. ఆ తర్వాత వృద్ధుల చావులు పెరిగాయని 2001లో వచ్చిన పరిశోధన చెప్పింది. దాని మీద వాదనలూ ఉన్నాయి.

ఇక పని దగ్గరికి వద్దాం. మన జాతీయ టీకాల పట్టికలో ఫ్లూ లేదు. పీహెచ్‌సీలో ఉచితంగా దొరుకుతుందని ఎదురుచూడొద్దు. పిల్లల డాక్టరు దగ్గర డబ్బు పెట్టి వేయించాలి. ఆరు నెలలు నిండిన పిల్లలకి వేయొచ్చు, ఏటా వేయాలి. తొమ్మిదేళ్లలోపు పిల్లలకి మొదటిసారైతే నాలుగు వారాల తేడాతో రెండు డోసులు తప్పనిసరి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ఒకటి వేయించి "అయిపోయింది" అనుకుంటారు. మొదటి డోసు శరీరానికి వైరస్‌ని పరిచయం చేస్తే, సరైన రక్షణ రెండోదాని తర్వాతే వస్తుంది, దానికీ సుమారు రెండు వారాలు కావాలి.

ఏడేళ్ల పిల్లకి మొదటిసారి అనుకోండి. మే 1న మొదటి డోసు, మే 29న రెండోది. జూన్ 12న బడి తలుపు తీసేసరికి రెండు వారాలు పూర్తవుతాయి. సెలవులకి ఊరెళ్లే ఇళ్లు రెండో డోసు తేదీ ముందే రాసిపెట్టుకోవాలి. జూలైలో గుర్తొచ్చినా ఫరవాలేదు, వేయించడమే మేలు. సెప్టెంబరు చివరికి మాత్రం వానాకాలపు పెరుగుదల చాలావరకు అయిపోయి ఉంటుంది, అప్పుడు వేసింది శీతాకాలపు ఫ్లూకి పనికొస్తుంది.

పెట్టె మీద రాసింది చూసి వేయించండి. దక్షిణార్ధగోళం, ఉత్తరార్ధగోళం అని రెండు రకాల టీకాలొస్తాయి, ఏ ఏటిదో కూడా రాసి ఉంటుంది. మన వానలకి ముందు వేసేది ఆ ఏటి దక్షిణార్ధగోళపు రకం. గతేడాది మిగిలిన సరుకు వద్దు. టీకాని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకట్టినది పనికిరాదు, కరిగినంత మాత్రాన మళ్లీ బాగవదు. మందుల షాపులో కొని ఎండలో తీసుకెళ్లేకన్నా, ఫ్రిజ్ ఉన్న క్లినిక్‌లోనే వేయించడం నయం.

ఇంజెక్షన్‌లో ఉండేది చంపిన వైరస్, దానితో ఫ్లూ రాదు. చేయి నొప్పి, ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడటం మామూలే. టీకా వేయించాల్సిన రోజున తీవ్రజ్వరం ఉంటే తగ్గాక వేయించాలి. ఇంతకుముందు ఫ్లూ టీకాకి ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం వచ్చుంటే డాక్టరుతో ముందే చెప్పాలి.

టీకా వేయించినా బడి నుంచి జ్వరం రావచ్చు. అప్పుడు పిల్లని మామ్మ గదిలో పడుకోబెట్టకూడదు, ఆవిడ దగ్గరే ఉంటానని మారాం చేసినా సరే. మందు లేకుండా జ్వరం తగ్గి 24 గంటలయ్యాకే బడికి పంపాలి. ఇంట్లో తాతయ్యకి గుండెకోసం ఇచ్చే యాస్పిరిన్ ఉంటుంది కదా, అది పిల్లకి పొరపాటునా వేయకండి, ఫ్లూలో అది కాలేయాన్నీ మెదడునీ దెబ్బతీసే అరుదైన జబ్బుకి దారితీయొచ్చు. జ్వరానికి బరువును బట్టి పారాసిటమాల్ ఇస్తే సరి.

వయసు మళ్లినవాళ్లలో ఫ్లూ పిల్లల్లో ఉన్నట్టు కనిపించకపోవచ్చు. జ్వరం లేకపోవచ్చు. అన్నం వద్దనడం, ఉన్నట్టుండి మాట తికమక పడటం, మంచం దిగలేకపోవడమే మొదటి గుర్తులు కావచ్చు. ఇంట్లో పిల్లకి ఫ్లూ ఉండి మామ్మలో వీటిలో ఒకటి కనబడినా, ఆక్సిజన్ 94 కంటే తగ్గినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఫ్లూ వైరస్‌కి ఇచ్చే ఒసెల్టమివిర్ అనే మందు, గుర్తులు కనబడిన 48 గంటల్లోపు మొదలైతే బాగా పనిచేస్తుంది. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకి డోసు తగ్గించాలి, అందుకే ఆమె పాత రిపోర్టులు, వాడుతున్న మాత్రల చీటీ వెంట పెట్టుకెళ్లండి.