ఆదాయపు పన్ను సెక్షన్ 80డి కింద ఆరోగ్య బీమా ప్రీమియం చూపించే ముందు

ముందుగా పాత పన్ను విధానంలోనే ఉన్నారా చూసుకోండి. కొత్త విధానంలో ఈ మినహాయింపు లేదు.

మీకు, భార్యాపిల్లలకు కలిపి పరిమితి 25,000. అమ్మానాన్నల్లో ఒక్కరికి 60 నిండినా వాళ్ల కోసం విడిగా 50,000. రెండూ కలిపితే 75,000 కదా అని మొత్తం ఒకే లెక్కలో వేసేయకండి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. మీ పాలసీకి 18,000, అమ్మానాన్నల పాలసీకి 56,000 కట్టారనుకుందాం. మొత్తం 74,000 అయినా మినహాయింపు 68,000 మాత్రమే. మీ వైపు మిగిలిన 7,000 అటు వాడుకోవడం కుదరదు.

ప్రీమియం నగదుగా కట్టవద్దు, రసీదు ఉన్నా చెల్లదు. నాన్న పెన్షన్ ఖాతా నుంచి వెళ్లిన డబ్బును కూడా మీరు చూపించలేరు. రెన్యువల్ రోజు మీ ఖాతా నుంచే కట్టండి, ఆ స్టేట్‌మెంట్ దాచుకోండి. అత్తమామల ప్రీమియం దీని కిందికి రాదు.

రెండేళ్లకు ఒకేసారి కట్టారా? ఈ ఏడాదికి సగమే చూపించాలి, మిగతాది వచ్చే ఏడాది.