టైల్ గోడకు డ్రిల్ పెట్టే ముందు: పైపు జాడ, పలక పగులు, తడి పరీక్ష

సబ్బు పెట్టె బిగించడానికి గోడకు రెండు రంధ్రాలు చాలు. ఆ రెండింటిలో ఒకటి పైపు మీద పడితే టైల్ పగలగొట్టాలి, గాడి తవ్వాలి, పైపు ముక్క మార్చాలి. అదే డిజైను టైల్ మళ్లీ దొరకకపోతే ఆ గోడకు ఎప్పటికీ అతుకు కనిపిస్తుంది. ఒడిశాలోని బరంపురం, రాయగడ, గుణుపురం వైపు ఇప్పుడు కట్టే ఇళ్లలో స్నానాల గదిలో పైపులన్నీ గోడ లోపలే ఉంటున్నాయి. పర్లాకిమిడి లాంటి చోట్ల పాత ఇళ్లలో పైపు గోడ మీదే కనిపిస్తుంది కాబట్టి భయం తక్కువ. అయితే ఆ ఇళ్లలోనూ గదిని కొత్తగా మార్పించి టైల్స్ వేయించి ఉంటే, కింద చెప్పే జాగ్రత్తలన్నీ వర్తిస్తాయి.

ఈ పని వానలకు ముందే, గోడలు ఎండి ఉన్నప్పుడు పెట్టుకోవడం మంచిది. పైపుకు చిన్న గాటు పడితే ఆ చెమ్మ గోడకు అవతలి వైపు, పడకగదిలోనో వంటగదిలోనో, పెయింటు పొక్కులు లేచినప్పుడే తెలుస్తుంది. వానాకాలంలో గోడ ఎలాగూ చెమ్మగా ఉంటుంది. ఆ మచ్చ వాన వల్ల వచ్చిందో, మనం పెట్టిన రంధ్రం వల్ల వచ్చిందో తేల్చడం కష్టం.

పైపు ఎక్కడుందో ఎలా తెలుసుకోవాలన్నది మొదటి ప్రశ్న. టైల్స్ వేయకముందు గోడ ఫొటోలు తీసి ఉంటే అంతకు మించిన ఆధారం లేదు. ఫొటో లేకపోతే గోడ మీద కనిపిస్తున్న వాటినే ఆనవాళ్లుగా తీసుకోవాలి. కుళాయి, షవర్, మిక్సర్, గీజర్ కింది రెండు వాల్వులు ఒక్కొక్కటీ ఒక పైపుకు చివర. వాటి నుంచి పైకీ కిందికీ నిట్టనిలువు గీత ఊహించుకుని, దానికి ఇరువైపులా అర అడుగు చొప్పున వదిలేయండి. రెండు కుళాయిలు ఒకే ఎత్తులో ఉంటే వాటి మధ్య అడ్డగీత కూడా వదిలేయాలి. మిక్సర్‌కు ఎదురుగా నిలబడితే మామూలుగా ఎడమవైపు వేడినీళ్ల పైపు, కుడివైపు చన్నీళ్ల పైపు ఉంటాయి. రెంటి మధ్య దూరం దాదాపు అర అడుగు.

ఈ లెక్క సరిపోని ఇళ్లు ఉన్నాయి. ప్లంబర్ పైపు ఆదా చేసుకోవడానికి గీజర్ నుంచి మిక్సర్‌కు నిలువుగా, అడ్డంగా కాకుండా ఐమూలగా గాడి కొట్టి ఉండవచ్చు. పైనుంచి చూస్తే ఆ సంగతి తెలిసే దారి లేదు. అందుకే వేడినీళ్లతో ఒకసారి పరీక్షించకుండా డ్రిల్ ముట్టుకోవద్దని చెబుతాను.

పరీక్ష సులువైనదే. గీజర్‌ను పూర్తిగా వేడెక్కనిచ్చి, స్విచ్ తీసేసి, వేడినీళ్లను సన్నని ధారగా బకెట్లోకి పది, పదిహేను నిమిషాలు వదలండి. పెద్ద ధారగా వదిలితే గోడ వేడెక్కేలోపే గీజర్‌లో వేడినీళ్లు అయిపోతాయి. తర్వాత చేతి వెనుక భాగంతో టైల్స్ మీద మెల్లగా తడుముతూ వెళ్లండి. పైపు వెళ్లే దారిలో రెండు మూడు అంగుళాల వెడల్పున గోరువెచ్చని పట్టీ తగులుతుంది. గోడ చల్లగా ఉండే ఉదయం వేళ ఇంకా బాగా తెలుస్తుంది. పట్టీ తగిలిన చోటల్లా పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. చన్నీళ్ల పైపుకు ఎండాకాలం మధ్యాహ్నం మంచి సమయం. మే నెలలో మేడ మీది ట్యాంకులో నీళ్లు బాగా కాగి ఉంటాయి కాబట్టి, చన్నీళ్ల కుళాయి వదిలి అదే విధంగా తడిమి చూడవచ్చు. ఆ వెచ్చదనం తక్కువగా ఉంటుంది, ఓపిక కావాలి. ఒక్క హెచ్చరిక: పైపు బాగా లోతుగా ఉంటే వెచ్చదనం పైకి రాదు. కాబట్టి చేతికి వెచ్చగా తగిలితే అక్కడ పైపు ఉన్నట్టే గానీ, తగలనంత మాత్రాన పైపు లేదని తేలిపోదు. అయస్కాంతం ఇనుప పైపునే చూపుతుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే సీపీవీసీ అనే ప్లాస్టిక్ పైపు దానికి దొరకదు.

బరంపురంలో మా మేనత్త గారి ఇంట్లో ఈ పరీక్షే పైపును కాపాడింది. ఐదడుగుల గోడ. ఎడమ చివర ఆరున్నర అడుగుల ఎత్తున గీజర్, గోడ మధ్యలో మూడున్నర అడుగుల ఎత్తున మిక్సర్, దానికి నేరుగా పైన షవర్. మిక్సర్‌కు ఎడమవైపు అడుగు దూరంలో, నాలుగున్నర అడుగుల ఎత్తున సబ్బు పెట్టె కావాలని అత్తయ్య కోరిక. మేస్త్రీ టేపుతో కొలిచి, "అమ్మా, గీజర్ నుంచి పైపు నిట్టనిలువుగా దిగి, కింద నుంచి మిక్సర్‌కు వెళ్తుంది. మీరు చెప్పిన చోట ఏమీ ఉండదు" అన్నాడు. ఆమె, "అలాగే బాబూ, ఒక్క బకెట్ వేడినీళ్లు పట్టి చూసి మొదలుపెడదాం" అంది. గోడ తడిమితే వెచ్చని పట్టీ గీజర్ కింద నుంచి మిక్సర్ దాకా ఐమూలగా దిగింది. సబ్బు పెట్టెకు గుర్తు పెట్టిన చోటు సరిగ్గా ఆ దారిలో ఉంది. పెట్టెను మిక్సర్‌కు కుడివైపు, అడుగున్నర దూరానికి మార్చారు. ఆ వైపు ఇంకో కుళాయి లేదు, అవతల ఉన్నది వరండా. గోడకు అవతల వంటగది ఉంటే అక్కడి సింకు పైపులను కూడా ఇదే విధంగా లెక్కలోకి తీసుకోవాలి.

కరెంటు తీగలకూ ఇదే సూత్రం. గీజర్ స్విచ్‌బోర్డుకు నిలువునా పైకీ కిందికీ, అక్కడి నుంచి గీజర్ వైపు వెళ్లే దారిలోనూ రంధ్రం పెట్టవద్దు. పని అయ్యేదాకా గీజర్ ఎంసీబీ దించి ఉంచండి. తడి నేల మీద తీగ లాగి పని చేయకుండా బ్యాటరీ డ్రిల్ వాడితే మేలు.

డ్రిల్ మొదలుపెట్టే ముందు ట్యాంకు నుంచి వచ్చే వాల్వు ఎక్కడుందో చూసి, దాన్ని మూసి, కింది కుళాయి తిప్పి పైపులో నీళ్లు వదిలేయండి. పొరపాటున పైపుకు తగిలినా నీళ్లు చిమ్మవు. అపార్ట్‌మెంట్లో ఆ వాల్వు మేడ మీద ఉండవచ్చు, తాళం ఎవరి దగ్గర ఉందో ముందే కనుక్కోవాలి.

టైల్ పగలడానికి మామూలు కారణం సుత్తి దెబ్బ. డ్రిల్ మెషీన్‌ను గోడలకు వాడే హామర్ పద్ధతిలో పెట్టి నేరుగా టైల్ మీద నడిపితే, పైన ఉన్న గాజులాంటి పూత పెళుసుగా విరుగుతుంది. ముందుగా వేలి కణుపుతో టైల్‌ను తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే వెనుక సిమెంటు నిండలేదని అర్థం. ఆ చోటు తప్పించండి. టైల్ అంచుకు ఒక అంగుళం లోపల కూడా వద్దు. గుర్తు మీద కాగితపు టేపు అంటిస్తే బిట్ జారదు. హామర్ ఆపి, బల్లెపు మొన లాంటి టైల్ బిట్‌తో నెమ్మది వేగంలో, మెషీన్ బరువు మాత్రమే పడేలా నడపండి. మామూలు సిరామిక్ గోడ టైల్ దీనికి సులువుగా లొంగుతుంది. విట్రిఫైడ్ టైల్ అయితే బిట్ ఎంతసేపు తిరిగినా పైపైనే అరుగుతుంది. అప్పుడు బలం పెంచకూడదు. వజ్రపు పొడి అతికిన బోలు బిట్ తెచ్చుకుని, దాన్ని వాలుగా మొదలుపెట్టి మెల్లగా నిలబెడుతూ, నీళ్లు చిలకరిస్తూ కోయాలి.

సుత్తి దెబ్బ లేకుండానే పగిలే టైల్స్ కూడా ఉన్నాయి. వాటికి కారణం స్క్రూ బిగింపు. ప్లాస్టిక్ ప్లగ్గు స్క్రూ లోపలికి వెళ్లే కొద్దీ ఉబ్బుతుంది. అది టైల్ మందంలోనే కూర్చుని ఉంటే ఆ ఉబ్బు టైల్‌ను లోపలి నుంచి చీలుస్తుంది. సబ్బు పెట్టెతో వచ్చే స్క్రూలు పొట్టిగా ఉండటం వల్ల చాలామంది ప్లగ్గును పైపైనే వదిలేస్తారు. ఆ స్క్రూలు పక్కన పెట్టండి. ఎనిమిది మిల్లీమీటర్ల మందం టైల్ అనుకుందాం. ప్లగ్గు పొడవు ముప్ఫై. గోడకు ఆనే పెట్టె అడుగు మందం నాలుగు. మొత్తం నలభై రెండు కాబట్టి నలభై అయిదు మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూ తీసుకోవాలి. గోపాలపురం వైపు సముద్రపు గాలికి మామూలు ఇనుప స్క్రూ త్వరగా తుప్పు పడుతుంది. టైల్‌లో ఎనిమిది మిల్లీమీటర్ల రంధ్రం, దాని వెనుక గోడలో ఆరు మిల్లీమీటర్ల రంధ్రం చేసి, ఆరు మిల్లీమీటర్ల ప్లగ్గును స్క్రూ మొనతో టైల్ దాటేదాకా నెట్టండి. స్క్రూను చేతి స్క్రూడ్రైవర్‌తోనే బిగించి, పెట్టె కదలడం మానగానే ఆపేయండి.

టైల్ దాటాక గోడ బిట్‌కు మారినప్పుడు రాలే పొడిని చూస్తూ ఉండండి. ముందు టైల్ పొడి, తర్వాత బూడిదరంగు సిమెంటు, తర్వాత ఇటుక. ఒడిశాలో బూడిద ఇటుకల వాడకం ఎక్కువ కాబట్టి ఎర్రపొడి రాలేదని కంగారు పడవద్దు. మీగడ రంగు, తెలుపు లేదా నలుపు ప్లాస్టిక్ తురుము వచ్చినా, లోహం గీసిన చప్పుడు వినిపించినా వెంటనే ఆపాలి. లోతు సరిపోయేలా బిట్ మీద టేపు చుట్టుకోవడం మంచిదే గానీ, దాన్ని నమ్ముకుని పైపు దారిలో డ్రిల్ చేయవద్దు. చాలా ఇళ్లలో పైపు టైల్‌కు అంగుళం లోతులోనే ఉంటుంది. మన రంధ్రం అంతకంటే లోతు.

రంధ్రం పూర్తయ్యాక ప్లగ్గు పెట్టవద్దు. కుళాయిలు మూసి, ట్యాంకు వాల్వు తెరిచి, పదిహేను నిమిషాలు ఆగి, రంధ్రంలోకి మెలితిప్పిన టిష్యూ కాగితం దూర్చి చూడండి. పొడిగా వస్తేనే ముందుకు వెళ్లండి. పైపుకు గాటు పడిన చోట స్క్రూ దిగితే, అదే బిరడాలా కొన్ని నెలలు నీళ్లను ఆపుతుంది. తర్వాత వదులై కారడం మొదలైతే ఎవరికీ ఈ సబ్బు పెట్టె గుర్తు రాదు.

కాగితం తడిగా వస్తే వాల్వు మూసేయండి. సిలికోన్‌తోనో, ఎమ్‌సీల్‌తోనో పూడ్చి పైన పెట్టె బిగించడం మరమ్మతు కాదు, నీటి ఒత్తిడికి అది నిలవదు. ఆ ఒక్క టైల్ తీయించి, దెబ్బతిన్న ముక్క కోయించి, రెండు కప్లింగులతో కొత్త ముక్క అతికించాలి. జిగురు ఆరేందుకు డబ్బా మీద రాసిన సమయం ఇచ్చి, నీళ్లు వదిలి చూసి, ఆ తర్వాతే గాడి మూయించండి. ఇల్లు కట్టేటప్పుడు మిగిలిన టైల్స్ నాలుగైదు అటక మీద దాచి ఉంటే ఇలాంటప్పుడు పనికొస్తాయి.

కాగితం పొడిగా వస్తే రంధ్రంలో దుమ్ము ఊదేసి, చుక్క సిలికోన్ పెట్టి, ప్లగ్గు దించి పెట్టె బిగించండి. షవర్ నీళ్లు పడే చోట పెట్టె అడుగు చుట్టూ కూడా సిలికోన్ సన్నగా రాయాలి, లేదంటే స్క్రూ వెంట నీళ్లు గోడలోకి దిగుతాయి. ఒక రోజంతా ఆరనిచ్చి, ఆ తర్వాతే ఆ గోడ తడపండి.