టైలర్ షాపులో అప్రెంటిస్‌గా చేరాలంటే: యజమానికి పంపే సందేశం, దరఖాస్తు విధానం

టైలర్ షాపులకు సాధారణంగా దరఖాస్తు ఫారం ఉండదు. యజమాని ఫోన్‌కి వెళ్లే చిన్న సందేశమే దరఖాస్తు. ప్రభుత్వ అప్రెంటిస్ నమోదు ఉన్న చోట కూడా ముందు పని నేర్పడానికి ఒప్పుకున్న యజమాని దొరకాలి. ఇద్దరూ సంతకం పెట్టిన ఒప్పందం లేనిదే నమోదుకు అర్థం ఉండదు. అందుకే ఈ వివరణ అంతా మొదటి సందేశం చుట్టూనే తిరుగుతుంది. రిపేరు షాపులకూ ఇదే పద్ధతి, నమూనా పని మాత్రమే మారుతుంది.

సందేశం రాసే ముందు అవతలి మనిషి లెక్క తెలుసుకోవాలి. కొత్తగా నేర్చుకునే వాళ్లు మొదటి నెలలో షాపుకి సంపాదించి పెట్టేది తక్కువ, ఖర్చయ్యేది ఎక్కువ. మాస్టర్ చేతిలో పని ఆపి చూపించాలి, తప్పు కుట్లు విప్పించాలి, కస్టమర్ బట్ట పాడైతే సమాధానం చెప్పాలి. ఇంత చేశాక రెండు నెలలకే మానేస్తారేమోనన్న అనుమానం ఎలాగూ ఉంటుంది. కాబట్టి సందేశంలో ఆయన వెతికేవి మూడు: ఈ మనిషికి ఇప్పుడు ఏ పని ఇవ్వొచ్చు, ఏది ఇవ్వకూడదు, ఎంతకాలం ఉంటారు.

ఎక్కువమంది పంపే సందేశం ఇలా ఉంటుంది:

“సార్, నాకు టైలరింగ్ అంటే చాలా ఇష్టం. చిన్నప్పటి నుంచి ఆసక్తి. ఏ పని ఇచ్చినా చేస్తాను. దయచేసి ఒక్క అవకాశం ఇవ్వండి.”

ఇందులో అబద్ధం లేదు, కానీ ఆ మూడింటిలో ఒక్కదానికీ జవాబు లేదు. పైగా “ఏ పని ఇచ్చినా చేస్తాను” అనే మాట యజమానికి “ఏ పనీ రాదు” అని వినిపిస్తుంది. అదే మనిషి, అదే నైపుణ్యంతో, ఇలా రాయవచ్చు:

“నమస్కారం మాస్టర్ గారూ. నా పేరు ______, వయసు 19. మీ షాపులో ప్యాంట్లు, షర్టుల ఆల్టరేషన్ ఎక్కువగా చేస్తారని చూశాను. మీ దగ్గర అప్రెంటిస్‌గా పని నేర్చుకోవాలనుకుంటున్నాను.

ఆరు నెలలుగా ఇంట్లో కాలితో తొక్కే మెషిన్ మీద కుడుతున్నాను. తిన్నగా కుట్టడం, మూల తిప్పడం, చేత్తో హెమ్మింగ్, గుండీలు కుట్టడం వచ్చు. ఇంట్లో వాళ్ల ప్యాంట్లు ఐదింటికి పొడవు తగ్గించాను. కటింగ్ రాదు. పవర్ మెషిన్, ఓవర్‌లాక్ మీద ఎప్పుడూ పని చేయలేదు.

సోమవారం నుంచి శనివారం దాకా ఉదయం 10 నుంచి సాయంత్రం 6 వరకు రాగలను. కనీసం ఏడాది ఉంటాను. నేను కుట్టిన నమూనా ముక్క ఫొటోలు మూడు పంపుతున్నాను. కుట్టు వెనకవైపు కూడా తీశాను.

మీకు వీలైన రోజు పది నిమిషాలు వచ్చి కలవమంటారా? ముక్క వెంట తెస్తాను. ఫోన్: ______”

ఈ సందేశంలో అన్నిటికంటే ఎక్కువ పని చేసే వాక్యం “కటింగ్ రాదు” అన్నది. రానిది రాయడానికి చాలామంది జంకుతారు. కానీ షాపులో కటింగ్ ఎలాగూ మాస్టర్ చేతిలోనే ఉంటుంది. కొత్తవాళ్లకి ఇచ్చేవి దారాలు కత్తిరించడం, కుట్లు విప్పడం, గుండీలు, హెమ్మింగ్, ఇస్త్రీ. ఆ జాబితాలో రెండు మూడు వచ్చని, మిగతావి రావని తేలిపోతే, రేపటి నుంచే ఏ మూల కూర్చోబెట్టాలో ఆయనకి అర్థమవుతుంది. వచ్చని రాసి, మొదటి రోజే కత్తెర పట్టుకోలేకపోతే, వచ్చినవి కూడా ఎవరూ నమ్మరు.

మెషిన్ రకం రాయడానికీ కారణం ఉంది. కాలితో తొక్కే మెషిన్‌కి అలవాటు పడ్డవాళ్లు పవర్ మెషిన్ మీద కూర్చుంటే, పెడల్ కాస్త నొక్కగానే బట్ట చేతుల్లోంచి జారిపోతుంది. ముందే తెలిస్తే మాస్టర్ వేగం తగ్గించి ఇస్తారు, లేదా పాత మెషిన్ మీద కూర్చోబెడతారు.

షాపు గురించి రాసిన వాక్యం పొగడ్త కాకూడదు. బయట నుంచి చూస్తే తెలిసేదే రాయాలి: ఆల్టరేషన్ ఎక్కువా, కొత్త బట్టలు కుట్టడం ఎక్కువా, యూనిఫాంలా. ఒకే సందేశం పది షాపులకు పంపినా ఈ ఒక్క వాక్యం మాత్రం ప్రతిసారీ మార్చాలి. సూట్లు మాత్రమే కుట్టే షాపుకి “మీ ఆల్టరేషన్ పని చూశాను” అని వెళ్తే అక్కడితో ఆగిపోతుంది.

నమూనా ముక్క

సందేశంలో రాసినదానికి రుజువు ఫొటోలే. చాలామంది తాము కుట్టిన డ్రెస్సు హ్యాంగర్‌కి తగిలించి తీసిన ఫొటో పంపుతారు. దూరం నుంచి తీసిన డ్రెస్సులో కుట్టు కనిపించదు. ఇంకెవరైనా కుట్టారేమో తెలియదు. దానికంటే 20 సెంటీమీటర్ల చదరపు కాటన్ ముక్క మేలు.

మరీ పలచన, మరీ మందం కాని కాటన్ తీసుకుని రెండు పొరలుగా పెట్టండి. సూది 14 నంబరు, అంటే ప్యాకెట్ మీద 90/14 అని ఉండేది. కుట్టు పొడవు 2.5 మిల్లీమీటర్లు, అంగుళానికి దాదాపు పది కుట్లు పడతాయి. లేత రంగు బట్టకి ముదురు రంగు దారం వాడండి. బట్ట రంగులోనే దారం వాడితే తప్పులు దాగుతాయి. దాచడానికే అలా చేశారని మాస్టర్‌కి ఇట్టే తెలిసిపోతుంది.

ముక్క మీద ఐదు పనులు చాలు. అంచుకి ఒక సెంటీమీటరు లోపల తిన్నటి కుట్టు ఒకటి. లంబకోణంలో తిరిగే మూల ఒకటి: మూల దగ్గర సూది బట్టలో దిగి ఉండగానే ఆపి, బట్టని నొక్కి ఉంచే మెషిన్ పాదం పైకెత్తి, బట్ట తిప్పి, పాదం దించాలి. సూది పైన ఉండగా తిప్పితే మూల దగ్గర కుట్టు సాగి వంకరపోతుంది. ఒక అర్ధవృత్తం: దీనికి కుట్టు పొడవు 2 మిల్లీమీటర్లకు తగ్గిస్తే వంపు నునుపుగా వస్తుంది. ఒక పక్క అంచు మడిచి చేత్తో హెమ్మింగ్, దాని పక్కన నాలుగు రంధ్రాల గుండీ. గుండీకి, బట్టకి మధ్య కాస్త ఖాళీ వదిలి దారంతో మెడలా చుట్టాలి. బట్టకి అతుక్కుపోయిన గుండీ కాజాలో దూరినప్పుడు కింద బట్టని ముడతలు పడేలా లాగుతుంది.

ఇప్పుడు ముక్క తిప్పి చూడండి. మాస్టర్ మొదట చూసేది వెనకవైపే. అక్కడ దారం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడుతుంటే చాలామంది బాబిన్‌ని తిట్టుకుంటారు, కానీ తప్పు సాధారణంగా పై దారంలో ఉంటుంది. దారాన్ని బిగువు పళ్లేల మధ్యకి సరిగా ఎక్కించలేదన్నమాట. పాదం దించి ఉండగా ఎక్కిస్తే ఆ పళ్లేలు మూసుకుని ఉంటాయి, దారం పైపైనే ఉండిపోతుంది. పాదం ఎత్తి మళ్లీ ఎక్కించి, పాదం దించాక దారం లాగి చూడండి. చేతికి పట్టు తగలాలి. ఉచ్చులు పైవైపు కనిపిస్తే మాత్రం బాబిన్ దారం దాని కేసు స్ప్రింగ్ కిందికి వెళ్లలేదు, లేదా అక్కడ దూది పేరుకుంది. మధ్యమధ్యలో కుట్టు పడకుండా దాటేస్తుంటే సూది మార్చండి. కొత్త సూది పూర్తిగా పైదాకా తోసి, చదునువైపు సరైన దిక్కులో ఉండేలా బిగించాలి.

ఈ తప్పులు సరిచేసి కొత్త ముక్క కుట్టి, ఫొటోలు మూడు తీయండి: ముందువైపు, వెనకవైపు, మూల దగ్గర నుంచి. పక్కన స్కేలు పెడితే కుట్టు పొడవు కొలిచినట్టే తెలుస్తుంది. పగటి వెలుతురు చాలు. ఫిల్టర్లు, రంగులు పెంచడం అక్కర్లేదు.

పంపడం, ఎదురుచూడడం

షాపు తెరిచిన తొలి గంటలో, లేదా మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డాక పంపండి. సాయంత్రం డెలివరీల వేళ వచ్చిన సందేశం అడుగున పడిపోతుంది. నంబరు తెలియకపోతే ఇదే సందేశం కాగితం మీద చేత్తో రాసి, ముక్కని పిన్నుతో జతచేసి షాపులో ఇవ్వొచ్చు. నిజానికి ఫొటో కంటే ముక్కే నయం, వేళ్లతో తడిమి చూస్తారు. అయితే మాస్టర్ కొలతలు తీస్తున్నప్పుడు మధ్యలో అందించకండి.

వారం దాకా జవాబు రాకపోతే ఒక్కసారి అడగవచ్చు: “మాస్టర్ గారూ, పోయిన వారం నమూనా ఫొటోలు పంపాను. ఇప్పుడు అవసరం లేకపోతే, ఏ నెలలో మళ్లీ అడగమంటారు?” రద్దీ నెలల్లో కొత్తవాళ్లకి నేర్పే తీరిక ఎవరికీ ఉండదు. అప్పుడు వచ్చిన ‘వద్దు’ మిమ్మల్ని ఉద్దేశించింది కాకపోవచ్చు. రెండోసారీ జవాబు లేకపోతే వేరే షాపు చూసుకోవడమే.

రమ్మంటే

సాధారణంగా పూట పని ఇచ్చి చూస్తారు. ఇక్కడ ఎక్కువమంది పట్టుబడేది ఒకే అలవాటుతో: పాదం వెనక నుంచి బట్టని చేత్తో లాగడం. బట్టని ముందుకి నడిపేది కింద ఉన్న పళ్లు. లాగితే సూది వంగి ప్లేటుకి తగిలి విరుగుతుంది, కుట్లు ఒకచోట పొడుగ్గా, ఒకచోట పొట్టిగా పడతాయి. చేతులు బట్టని దారి తప్పకుండా చూస్తే చాలు. కుట్లు విప్పమంటే తొందరపడకండి. బట్ట చిరగకుండా విప్పిన అంగీ, వేగంగా కుట్టిన జేబు కంటే ఎక్కువ మార్కులు తెస్తుంది.

ఒప్పుకుంటే చేరేలోపే నాలుగు విషయాలు మాట్లాడుకోవాలి: నేర్చుకునే కాలం ఎంత, ఆ కాలంలో డబ్బు ఇస్తారా, ఇస్తే నెలకా ముక్కకా, కస్టమర్ బట్ట పాడైతే నష్టం ఎవరిది, కటింగ్ ఎప్పటి నుంచి నేర్పుతారు. ఆఖరిది అడగకపోతే ఏడాదంతా గుండీలతోనే గడిచే ప్రమాదం ఉంది. “మొదటి మూడు నెలలు చేతిపని, తర్వాత మెషిన్, ఆరో నెల నుంచి వారంలో ఒక పూట కటింగ్” అన్నట్టు నెలలవారీగా రాయించుకోవడం మంచిది. అధికారిక నమోదు చేయిస్తే ఈ కాలం, భత్యం ఒప్పందంలోనే ఉండాలి. మైనర్లయితే తల్లిదండ్రులో సంరక్షకులో సంతకం పెట్టాలి. సంతకాలయ్యాక ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.